'లోతు 20' అంటే ఏ లోతు?

నిజాంపేట అనువాదకురాలు:
అందరికీ నమస్తే, ఒక మాట గురించి అడగాలి, కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి. నేను చిన్న కంపెనీలకి వర్క్ ఇన్‌స్ట్రక్షన్లు తెలుగులో రాసిస్తుంటా. పోయిన నెల ఒక ఫిక్స్చర్ పనికి రాశా. 40 మందం అల్యూమినియం దిమ్మ, దాని మీద 12 మందం ప్లేటు, ఎం10 బోల్టుతో బిగించాలి. డ్రాయింగ్‌లో రెండు లోతులున్నాయి, డ్రిల్‌కి 28, థ్రెడ్‌కి 20. నేనేమో "20 మి.మీ. లోతు గల గుడ్డి రంధ్రంలో మర కొట్టాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశా, 28 అనేది ఏదో పొరపాటున రెండోసారి రాశారేమో అనుకుని వదిలేశా. వాళ్ళు 20కే డ్రిల్ చేసి ట్యాప్ కొట్టారు. 30 పొడుగు బోల్టు తల ప్లేటు మీద కూర్చోలేదు, కింద సందు ఉండిపోయింది, ఎవరో తెలివిగా ఇంకో రెండు వాషర్లు వేశారు, టార్క్ రెంచి టిక్ అంది, ఓకే చేసేశారు. రెండు రోజులకి ప్లేటు కదులుతోంది! తప్పు నాదే. నా ప్రశ్న ఏంటంటే ఈ రెండు లోతులకీ తెలుగులో వేరే వేరే మాటలు ఉన్నాయా, "గుడ్డి రంధ్రం" అసలు తెలుగేనా?

పద్యాల పంతులు:
అమ్మా, "గుడ్డి రంధ్రం" ఇంగ్లీషు ముక్కకి తొడిగిన తెలుగు చొక్కా. మనకి గుడ్డిదీపం ఉంది, గుడ్డిగవ్వ ఉంది, అక్కడ గుడ్డి అంటే వెలుగు లేనిదీ చెల్లనిదీ. అడుగు మూసుకుపోయింది అనే అర్థం దానికి లేదు. మన భాషలో ఆ తేడా వేరే చోట కనబడుతుంది. తూటు అంటే ఈ పక్క నుంచి ఆ పక్కకి పోవాలి, "తూట్లు పడింది" అంటాం చూడండి. బెజ్జం కూడా అంతే, సూది బెజ్జంలోంచి దారం అవతలికి రావాలి. అడుగున్నది గుంట. కాబట్టి తూటు, గుంట. పని అయిపోయింది.

బాలానగర్ టూల్‌రూమ్ తాత:
పంతులుగారూ తూటు బాగుంది. మా షాపుల ఆర్‌పార్ హోల్ అంటం, ఇంకోదాన్ని బ్లైండ్ అనే అంటం. గుంట అంటే మాత్రం మా పిల్లలు నేలల తవ్వుతరు. మరని మేం చూడీ అంటం, ఉర్దూ హిందీ మాట, హైద్రాబాద్‌ల ఎవర్నడిగినా తెలుస్తది. అమ్మా, నీ తప్పు గుడ్డి కాడ లేదు, "లోతు" కాడ ఉన్నది. ఒక్క బొక్కల మూడు లోతులుంటయి, నువ్వు అన్నిటికీ ఒకటే మాట పెట్టినవ్.

డిజైన్ తమ్ముడు, మియాపూర్:
నా అభిప్రాయం, అసలు 20 ఎందుకు? అల్యూమినియం మెత్తగా ఉంటుంది కదా, 30 చూడీ పెట్టేస్తే పట్టు ఇంకా పెరుగుతుంది. నేనైతే ఎప్పుడూ మూడు రెట్లు వేస్తా, సేఫ్.

బాలానగర్ టూల్‌రూమ్ తాత:
తమ్ముడూ సగం కరెక్ట్. మెత్తటి లోహానికి ఎక్కువ పట్టు కావాలె, నిజమే. స్టీలుల బోల్టు సైజంత చాలు, అంటే ఎం10కి 10. బీడుకి ఒకటింబావు నుంచి ఒకటిన్నర, అల్యూమినియంకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. కానీ బరువు అన్ని చుట్ల మీద సమానంగ పడదు, తల దిక్కున్న మొదటి రెండు మూడు చుట్లే ఎక్కువ మోస్తయి, అడుగు చుట్లు ఊరికే కూసుంటయి. లెక్క ఏందంటే చూడీ ఊడొచ్చే లోపల బోల్టే తెగాలె, తెగిన బోల్టు మార్చుకోవచ్చు, దిమ్మల చూడీ పోతే దిమ్మే పోతది. ఆ హద్దు దాటినంక ఎంత పొడుగు పెట్టినా బోల్టు అక్కడ్నే తెగుతది. నువ్వు వేసే మూడు రెట్లతోని అయ్యేది ఒక్కటే, ట్యాప్ లోపల ఇంకింతసేపు తిరుగుతది, ఇరిగే ఛాన్స్ పెరుగుతది.

నిజాంపేట అనువాదకురాలు:
తాతగారూ ఆ మూడు లోతులేంటో ఈ ప్లేటు మీదే చెప్పండి ప్లీజ్.

బాలానగర్ టూల్‌రూమ్ తాత:
చెప్త. బావి లెక్కన చూడు. "బావి 30 అడుగులు" అంటే నీళ్ళు 30 అడుగులు ఉన్నట్టా? అడుగున పూడిక ఉంటది, పైన నీళ్ళుంటయి.

ముందు పట్టు. ప్లేటు 12, వాషర్ 2, మొత్తం 14. అల్యూమినియం గనక పట్టు 15 కావాలె. 14కి 15 కలిపితే 29, బజారుల దొరికేది 30 బోల్టు. అంటే బోల్టు దిమ్మలకి 16 పోతది. మొన మీద చాంఫర్ ఉంటది, ఆ ఒక చుట్టు దగ్గర సరిగ పట్టదు, అది తీసేసినా 14 మీదనే ఉన్నది, నడుస్తది.

రెండోది నిండు చూడీ. బోల్టు 16 పోతదని చూడీ 16కే ఆపొద్దు. ప్లేటు ఒక పాయింటు తక్కువ వచ్చిందనుకో, ఎవడన్న వాషర్ మర్చిపోయిండనుకో, బోల్టు అడుగుకి తాకుతది. ఎం10 మామూలు చూడీకి పిచ్ 1.5, రెండు మూడు చుట్లు ఎక్కువ పెడితే 19, 20. నీ డ్రాయింగుల 20 గిట్లొచ్చింది. వాషర్ లేకున్నా బోల్టు 18 దాకనే పోతది, ఇంక 2 ఉంటది.

మూడోది డ్రిల్. ట్యాప్ మూతి సన్నగ ఉంటది, అక్కడి పళ్ళు నిండు చూడీ కొయ్యవు. సెట్టుల ఫస్ట్ ట్యాప్‌కైతే ఏడెనిమిది చుట్లు అట్లనే పోతయి, సెకండ్‌కి నాలుగు దాకా, బాటమ్ ట్యాప్‌కి రెండు లోపల. దాని కింద రజను కూడ పడాలె కదా, అదే పూడిక. మేం మామూలుగ నిండు చూడీ కింద ఐదు పిచ్‌లు వదుల్తం, 7.5. 20కి 7.5 కలిపితే 27.5, గుండ్రంగ 28. ఇప్పుడు సమజైందా ఆ 28 పొరపాటు కాదని?

కొండాపూర్ కిరాయిదారు:
ఇది గోడకి స్క్రూ గురించేనా? మా ఇంట్లో టీవీ స్టాండ్‌కి ప్లగ్ పొడుగు 50 ఉంటే బొక్క కూడా కరెక్ట్‌గా 50 కొట్టించా, లోపల దుమ్ము నిండిపోయి ప్లగ్ సగం బయటే ఉంది, ఓనర్ అంకుల్ ఒకటే గొడవ. బాటమ్ ట్యాప్ అంటే గీజర్ కిందదా?

బాలానగర్ టూల్‌రూమ్ తాత:
కాదు బిడ్డా, నల్లా కాదు, చూడీ కోసే ట్యాప్ 😄 కానీ నీ దుమ్ము కథ మాత్రం గిదే కథ. గోడల దుమ్ము, మా కాడ రజను. తేడా ఏందంటే నీ ప్లగ్ బయట కనబడ్డది, మాది ట్యాప్ లోపల ఇరిగి కూసుంటది.

డిజైన్ తమ్ముడు, మియాపూర్:
ఓకే తాతగారూ మూడు రెట్లు వెనక్కి తీసుకుంటున్నా 🙏 కానీ అక్కకి డౌట్ ఉన్నట్టు లేదు, నాకుంది. వాళ్ళు 20 డ్రిల్ చేశారు, బోల్టు 16 పోవాలి, ఇంకా 4 మిగిలింది కదా, అయినా తల ఎందుకు కూర్చోలేదు?

బాలానగర్ టూల్‌రూమ్ తాత:
మంచిగ అడిగినవ్. ఇంకో దొంగ ఉన్నడు ఇక్కడ. డ్రాయింగుల డ్రిల్ లోతు అంటే నిండు సైజు బొక్క ఎంతవరకు ఉన్నదో అంతవరకే, డ్రిల్ మొన చేసే కోను లెక్కల రాదు. కానీ బెంచ్ డ్రిల్ మీద పిల్లగాడు ఏం చేస్తడు, మొన తాకంగనే స్కేలు సున్నా పెడతడు, 20 దింపుతడు. ఎం10కి డ్రిల్ 8.5, మొన 118 డిగ్రీలు, కోను ఎత్తు రెండున్నర దగ్గర, డ్రిల్ సైజుల 0.3 వంతు అని గుర్తు పెట్టుకో. అంటే నిండు బొక్క 17.5 మాత్రమే. దాంట్ల సెకండ్ ట్యాప్ దింపితే మూతి నాలుగు చుట్లు, 6 పాయె. మిగిలిన నిండు చూడీ 11.5. బోల్టు 16 కావాలంటే 11.5 కాడ ఇరుక్కున్నది, తల కింద నాలుగున్నర సందు.

ఇప్పుడు ఆ రెండు వాషర్లు చూడు. ఇంకో 4 పెరిగింది, బోల్టు 12 పోవాలె, దొరికింది 11.5. కండ్లకి తల కూసున్నట్టే కొడతది, కానీ బోల్టు చూడీ చివరికి పోయి బిగిసింది, ప్లేటుని ఒత్తలే. టార్క్ రెంచికి ఏం తెలుసు పాపం, బోల్టు ఎక్కడ బిగిసినా టిక్ అంటది.

నిజాంపేట అనువాదకురాలు:
అయ్యో. మరి రెంచి చెప్పకపోతే ఎలా తెలుసుకోవాలి?

బాలానగర్ టూల్‌రూమ్ తాత:
ప్లేటు తీసెయ్, బోల్టు ఒక్కదాన్ని చేతితోని తిప్పు, చుట్లు లెక్కపెట్టు. 20 నిండు చూడీ ఉంటే 1.5తోని భాగించు, 13 చుట్లు సులువుగ పోవాలె. మీ వాళ్ళది ఎనిమిది కాకముందే ఆగి ఉంటది. బిగించినంక ఒకటో రెండో వాషర్లు ఏలితోని తిప్పి చూడు, తిరుగుతున్నయంటే తల ఒత్తుతలేదు. ఇంకోటి, బోల్టు బిగించేముందు బొక్కల ఆయిల్ నిలువ ఉంచొద్దు, బోల్టు దిగుతుంటే ఆయిల్‌కి పోనీకి జాగా ఉండదు, బీడు ముక్కలైతే పగిలినయి కూడ, ఎయిర్ కొట్టి ఊది పెట్టాలె.

డిజైన్ తమ్ముడు, మియాపూర్:
మా కంపెనీలో ఐదు పిచ్‌లు అంత వదలం, సీఎన్‌సీలో స్పైరల్ ఫ్లూట్ ట్యాప్ వాడతాం, రజను పైకి లాగేస్తుంది, మూడు పిచ్‌లు చాలు. మా దిమ్మ 32 మందమే, 28 కొడితే కోనుతో 30.5, కింద ఒకటిన్నరే మిగుల్తుంది, అటు పక్క ఉబ్బుతుంది.

బాలానగర్ టూల్‌రూమ్ తాత:
అట్ల మందం లేనప్పుడు సరే, బాటమ్ ట్యాప్ వేసి 24.5కి ఆపు, కోనుతోని 27, కింద 5 ఉంటది. కానీ చేతితోని కొట్టే షాపుకి మూడు పిచ్‌లు చెప్పకు తమ్ముడూ. వాడు ప్రతి బొక్కకి ట్యాప్ తీసి రజను దులపడు. అట్లనే స్పైరల్ పాయింట్ ట్యాప్ అని ఇంకోటి ఉంటది, పేరు వింటే రెండూ ఒకటే లెక్కన ఉంటయి, అది రజనుని ముందుకి నూకుతది, ఆర్‌పార్‌కి బంగారం, దీంట్ల వేస్తే మాత్రం పూడిక అడుగుకి దట్టిచ్చుకుంటది.

డిజైన్ తమ్ముడు, మియాపూర్:
మేం మూడుతోనే చేస్తున్నాం, ఇప్పటిదాకా ప్రాబ్లం రాలేదు తాతగారూ.

బాలానగర్ టూల్‌రూమ్ తాత:
మిషిన్ కొత్తది గావొచ్చు.

పద్యాల పంతులు:
మీ గొడవలో మంచి మాటలు దొర్లాయి. "పట్టు" ఉంది, "నిండు చూడీ" ఉంది. నిండు అనేది ఇక్కడ ఎంత బాగా కుదిరిందో, నిండు చంద్రుడు, నిండు చూడీ, సగం కోసినది లెక్కలోకి రాదు అని మాటలోనే తెలిసిపోతుంది. చూడీ బదులు మర అంటే రాష్ట్రమంతా అర్థమవుతుంది, "నిండు మర" అనండి.

నిజాంపేట అనువాదకురాలు:
ఇలా రాశా, చూడండి: "8.5 డ్రిల్‌తో, మొన కోను కాకుండా, 28 లోతు బొక్క వేయాలి. ఎం10 నిండు చూడీ 20 లోతు దాకా ఉండాలి. బోల్టు పట్టు 16. ఒక్కటి మించి వాషర్ వేయకూడదు." పంతులుగారూ, ఈ షాపు జీడిమెట్లలోనే, కాబట్టి చూడీ ఉంచేశా, ఏమనుకోకండి.

పద్యాల పంతులు:
చూడీ ఉంచండి. "బొక్క" మాత్రం బాగాలేదు, రంధ్రం అనండి.

బాలానగర్ టూల్‌రూమ్ తాత:
బొక్కనే ఉంచు అమ్మా. ఏ ట్యాప్‌తోని కొట్టాలెనో రాయలే నువ్వు, సెకండా బాటమా? ఆ పాత దిమ్మలు పారేసిన్రా ఉన్నయా? ఉంటే అవే బొక్కలు 28కి దించి మళ్ళ ట్యాప్ కొట్టొచ్చు, చూడీ తప్పకుంట పట్టించేటోడు ఉండాలె అంతే.