20,000 షేర్లు అమ్మాలి, తిరిగి రాని 60 పైసలు ఎవరి ఖాతాలో?

బెంగళూరులో ఉంటాను, చిన్న కంపెనీ షేర్లు 20,000 ఉన్నాయి. రోజుకు చేతులు మారేవే 50,000. నిన్న పదిన్నరకి బిడ్ 198.60, ఆస్క్ 199.40, నడిమి ధర 199. మార్కెట్ ఆర్డర్‌లో 3,000 వదిలితే సగటు 197.80 పడింది. షేరుకు 1.20 పోయింది, అందులో బిడ్-ఆస్క్ తేడా అంటే స్ప్రెడ్‌లో సగం 40 పైసలే.

అరగంటకి నడిమి ధర 198.40కి కోలుకుని అక్కడే ఆగింది, నిఫ్టీ కదల్లేదు. వెనక్కొచ్చిన 60 పైసలు ఆర్డర్ ప్రాసెసింగ్, ఇన్వెంటరీ ఖర్చులనుకున్నా. రాని 60 పైసలే అడ్వర్స్ సెలెక్షన్ అని, అంటే నాకేదో చెడు కబురు తెలుసని కొనేవాళ్లు భయపడ్డారని (నాకు కావలసింది ఇంటి అడ్వాన్సు!) లెక్కేశా.

తర్వాత 199.40కి లిమిట్ పెట్టి చూశా. రెండు గంటల్లో 200 పోయాయి, అవి పోగానే ధర పైకి.

మిగతా 16,800ని రోజుకు రెండు మూడు వేల చొప్పున అమ్మితే ఆ తిరిగిరాని భాగం తగ్గుతుందా, లేక ఇన్వెంటరీ భాగం మాత్రమే తగ్గుతుందా?