మీడియా తేటగానే ఉంది, మందు మాత్రం పనిచేయట్లేదు: సెల్ కల్చర్‌లో ఏమై ఉంటుంది?

సౌమ్య: అందరికీ నమస్తే. మియా పాకా-2 కణాల మీద జెమ్‌సిటబిన్ పరీక్ష చేస్తున్నాను, 72 గంటల తర్వాత ఎంటీటీ. మొదట్లో 100 నానోమోలార్ దగ్గర మూడో వంతు కణాలు మిగిలేవి, అంతే. ఇప్పుడు అదే డోసుకి 80 శాతం పైనే బతుకుతున్నాయి. మందు స్టాక్ కొత్తగా కలిపి చూశాను, తేడా లేదు. విచిత్రమేమిటంటే పాక్లిటాక్సెల్ కర్వ్ మాత్రం దాదాపు పాతలాగే వస్తోంది. మీడియా రంగు మారలేదు, తేటగా ఉంది, పెన్-స్ట్రెప్ ఎప్పుడూ వేస్తాం, మైక్రోస్కోప్‌లో కదిలేదేదీ కనిపించట్లేదు. కణాలు కాస్త నెమ్మదిగా పెరుగుతున్నాయేమో అనిపిస్తోంది కానీ అది నా అనుమానమే కావచ్చు. రెసిస్టెన్స్ వచ్చిందని మా గైడ్ మహా ఉత్సాహంగా ఉన్నారు, ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కి పంపేద్దాం అంటున్నారు. పంపేలోపు ఏం చూసుకోవాలి?

కిరణ్: మాకూ ఇదే గొడవండీ. శుక్రవారం బాగున్న ఫ్లాస్క్ సోమవారం తీసేసరికి పసుపు రంగు, మబ్బు పట్టినట్టు అయిపోయింది. వాటర్ బాత్‌లో నీళ్లు మార్చక ఎన్నాళ్లయిందో, పైగా మీడియా సీసాలు మెడ దాకా ముంచి పెట్టేవాళ్లు. నీళ్లు మార్చాక మళ్లీ రాలేదు. ముందు బాత్ చూడండి.

సౌమ్య: కిరణ్ గారూ, పసుపు అయితే నాకు టెన్షనే ఉండేది కాదు, పారేసి మొదలుపెట్టేదాన్ని. మాది అస్సలు మారలేదండీ.

రాఘవ: మైకోప్లాస్మా. వందకి తొంభై పాళ్లు అదే. దానికి సెల్ వాల్ ఉండదు కాబట్టి పెన్సిలిన్ ఏమీ చేయలేదు. పెన్-స్ట్రెప్ డోసు రెట్టింపు చేసి, మీడియా మొత్తం 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో ఇంకోసారి వడకట్టి వాడండి, రెండు మూడు పాసేజ్‌లలో పోతుంది. రాత్రంతా హుడ్‌లో యూవీ వేసి ఉంచండి.

వసుంధర: రాఘవా, జబ్బు సరిగ్గా పట్టావు, వైద్యం మాత్రం కుదరలేదు. పెన్సిలిన్ పనిచేయదని నువ్వే చెప్పి దాన్నే రెట్టింపు చేయమంటే ఎలా? స్ట్రెప్టోమైసిన్ కొన్నిటిని అణచిపెడుతుంది కానీ పూర్తిగా చంపదు, అంటే ఉన్నది కూడా కనిపించకుండా చేస్తుంది. ఇక ఫిల్టర్ సంగతి. గోడ లేని జీవి కాబట్టి మెత్తగా ఉంటుంది, ఒత్తిడి పెడితే 0.22 రంధ్రాల్లోంచి జారిపోతుంది. సీరం తయారుచేసేవాళ్లు 0.1 వాడేది అందుకే. అయినా అవి ఇప్పటికే ఫ్లాస్క్‌లో కణాలకి అంటుకుని ఉంటే, పైనుంచి పోసే మీడియాని ఎన్నిసార్లు వడకడితే మాత్రం ఏం లాభం?

సౌమ్యా, నీ ప్రశ్నలో అసలు ఆధారం పాక్లిటాక్సెల్. ఒక మందు పనిచేస్తోంది, ఇంకోటి చేయట్లేదు కాబట్టి ఇది నిజమైన రెసిస్టెన్స్ అని మీ గైడ్‌కి అనిపించడం సహజం. కానీ జెమ్‌సిటబిన్ సిటిడిన్‌ని పోలిన అణువు. కల్చర్‌లలో తరచూ దొరికే మైకోప్లాస్మా హయోరైనిస్‌కి సిటిడిన్ డీఅమినేజ్ అనే ఎంజైమ్ ఉంది, అది ఈ మందుని పనికిరాని రూపంలోకి మార్చేస్తుంది. అంటే కణం దాకా చేరేలోపే మీడియాలో మందు అయిపోతోంది. పాక్లిటాక్సెల్ జోలికి ఆ ఎంజైమ్ పోదు. 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్ ఒకటి ఇలాగే మొదలైంది: ఫైబ్రోబ్లాస్ట్‌లు పెరిగిన మీడియా పోస్తే క్యాన్సర్ కణాలు జెమ్‌సిటబిన్‌కి లొంగలేదు, కారణం వెతుకుతూ పోతే ఆ ఫైబ్రోబ్లాస్ట్‌లలో మైకోప్లాస్మా బయటపడింది. వాళ్లు దాన్నే పరిశోధనగా మలుచుకున్నారు. నీకు అదృష్టం అలా కలిసిరాకపోవచ్చు, కాబట్టి సీక్వెన్సింగ్‌కి ఇప్పుడే పంపకు. మైకోప్లాస్మా ఉన్న కణాల్లో జీన్‌ల తీరు వందల చోట్ల మారుతుంది, ఏది మందు వల్ల, ఏది దీనివల్ల అని తర్వాత విడదీయలేవు.

సౌమ్య: అమ్మో. కానీ మేడమ్, అంత ఉంటే కనీసం కొంచెమైనా మబ్బుగా కనిపించదా?

వసుంధర: కనిపించదు, ఇబ్బంది అక్కడే ఉంది. మిల్లీలీటర్‌కి కోటి పైన ఉన్నా మీడియా తేటగానే ఉంటుంది. మామూలు బ్యాక్టీరియా అయితే ఆ సంఖ్యకి చేరేలోపే కిరణ్ ఫ్లాస్క్‌లా పసుపు తిరిగి, నిన్ను హెచ్చరించి పోతుంది. ఇది కణాలని చంపదు కూడా. వాటితోపాటే బతుకుతూ అర్జినిన్, న్యూక్లియోసైడ్‌లు తినేస్తూ, ప్రతి లెక్కనీ కొంచెం కొంచెం జరుపుతుంది. ప్రయోగం ఆగిపోదు, సంఖ్యలు వస్తూనే ఉంటాయి, గ్రాఫ్ అందంగానే ఉంటుంది. ఆ గ్రాఫ్ చూపించేది నీ కణాల గురించి కాదు, అంతే.

పరీక్ష ఇలా చెయ్యి. యాంటీబయాటిక్ లేని మీడియాలో రెండు పాసేజ్‌లు నడుపు. తర్వాత మీడియా మార్చకుండా మూడు రోజులు వదిలేసి, ఫ్లాస్క్ నిండాక పైన ఉన్న మీడియా ఒక మిల్లీలీటర్ తీసి పీసీఆర్ పెట్టు. కణాలు నిండకముందే తీస్తే ఉన్నా లేదనే రావచ్చు. పాజిటివ్ కంట్రోల్‌తో పాటు, నీ శాంపిల్‌లోనే పాజిటివ్ డీఎన్‌ఏ కొంచెం కలిపిన ట్యూబ్ ఇంకొకటి తప్పకుండా పెట్టు, ఎందుకంటే పాత మీడియా పీసీఆర్‌నే ఆపేస్తే అది కూడా నెగటివ్‌లాగే కనిపిస్తుంది. పక్కనే కవర్‌స్లిప్ మీద కణాలకి డాపీ వేసి చూడు. కేంద్రకాలు మాత్రమే వెలగాలి. వాటి చుట్టూ సైటోప్లాజమ్ మీద సన్నటి చుక్కలు చల్లినట్టు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

రాఘవ: ఫిల్టర్ మాట ఒప్పుకుంటాను. యూవీ సంగతి?

వసుంధర: దీపం వెలుగు నేరుగా పడిన చోట పనిచేస్తుంది. పైపెట్ వెనకాల, సీసా నీడలో, ట్రే కింద పనిచేయదు. వేసుకో, తప్పు లేదు, తుడవకుండా మాత్రం దాని మీద ఆధారపడకు.

ఇంతియాజ్: కోర్ ఫెసిలిటీలో పనిచేస్తాను, రోజూ చూసేది ఇదే కాబట్టి ఒక మాట. అందరూ చేతులు, గ్లోవ్స్ అంటారు కానీ మైకోప్లాస్మా ఎక్కువగా పాకేది ఒక ఫ్లాస్క్ నుంచి ఇంకో ఫ్లాస్క్‌కి. 1970లలో ఒక పరీక్ష చేశారు: కావాలనే మైకోప్లాస్మా పట్టించిన కల్చర్‌ని హుడ్‌లో ట్రిప్సిన్ చేసి తర్వాత చుట్టూ వెతికితే, ఫ్లాస్క్ బయట, హీమోసైటోమీటర్ మీద, పని చేసిన మనిషి మీద కూడా బతికి ఉన్నవి దొరికాయి. హుడ్ లోపల రోజుల తరబడి బతికే ఉన్నాయి. అదే హుడ్‌లో వారానికోసారి పాసేజ్ చేసిన శుభ్రమైన కల్చర్ ఆరు వారాల్లో పాజిటివ్ అయింది. పైపెట్‌తో గట్టిగా ఊది కణాలని విడదీసేటప్పుడు లేచే తుంపర్లే చాలు.

అందుకని మా దగ్గర ఒకటే కఠిన నియమం. హుడ్‌లో ఒకసారి ఒక్క సెల్ లైన్, దానికి దాని సొంత మీడియా సీసా, దాని సొంత ట్రిప్సిన్. ఒక లైన్ అయ్యాక 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, పది నిమిషాలు గాలి ఆడనిచ్చి, అప్పుడు ఇంకోటి. శుభ్రమైనవని తెలిసినవి ముందు, తెలియనివి రోజు చివర. ఆల్కహాల్ స్వచ్ఛమైనది మేలనుకుని 95 శాతంది తెస్తారు కొందరు. ప్రోటీన్‌లు దెబ్బతినాలంటే నీళ్లు కావాలి, పైగా అది తడి నిలవకముందే ఆరిపోతుంది. ఇంకొకటి, ముందు గ్రిల్ మీద నోట్‌బుక్ పెట్టకండి. గాలి తెర తెగిందంటే మీ ముందున్నది ఉత్త బల్లే.

కిరణ్: మా హుడ్‌లో ఆ గ్రిల్ మీద ఎప్పుడూ టిప్ బాక్సులే ఉంటాయి 😐 ఒకే మీడియా సీసాని ముగ్గురం వాడతాం కూడా.

ఇంతియాజ్: మీకు పసుపు ఫ్లాస్క్ కనిపించింది సరే, కనిపించనిది కూడా ఒకసారి పరీక్ష చేయించండి.

సౌమ్య: అప్‌డేట్. ఇప్పుడు నడుపుతున్న ఫ్లాస్క్ పాజిటివ్, బ్యాండ్ చాలా గట్టిగా వచ్చింది. డాపీలో చుక్కలు కూడా. ఫ్రీజర్‌లో పాత వయల్స్ ఉన్నాయి, వాటితో ఏమైనా తెలుస్తుందా?

వసుంధర: చాలా తెలుస్తుంది. ద్రవ నైట్రోజన్‌లో మైకోప్లాస్మా చావదు, అంటే నీ వయల్స్ తేదీలవారీ సాక్ష్యం. ప్రతి బ్యాచ్ నుంచి ఒకటి కరిగించి, వేరే ఇంక్యుబేటర్‌లో పెంచి, ఇదే పరీక్ష చెయ్యి. ఎక్కడ నెగటివ్ ఆగి పాజిటివ్ మొదలైందో అక్కడినుంచి వచ్చిన డేటా అంతా పక్కన పెట్టాలి.

సౌమ్య: చేశాను. పాసేజ్ 8 నెగటివ్, 15 పాజిటివ్, మధ్యలో ఫ్రీజ్ చేసినవి లేవు. పాసేజ్ 8 కణాల మీద జెమ్‌సిటబిన్ మళ్లీ పెడితే పాత కర్వ్ తిరిగి వచ్చింది! మా గైడ్ ముఖం చూడలేకపోయాను. ఇప్పుడు ఆయన ప్రశ్న ఏమిటంటే, పాజిటివ్ కణాలని ప్లాస్మోసిన్‌తో బాగుచేసి అదే "రెసిస్టెంట్ లైన్" అని కొనసాగించవచ్చా?

రాఘవ: చేయొచ్చు కదా, 25 మైక్రోగ్రాములు, రెండు వారాలు. మేం చేశాం, నెగటివ్ అయ్యాయి.

వసుంధర: వేరే ఎక్కడా దొరకని లైన్ అయితే చేస్తాను. ఇది బ్యాంకుల్లో దొరికే లైన్, పైగా నీ దగ్గరే శుభ్రమైన వయల్ ఉంది. రెండు వారాలు మందు వేసి నిలబడిన కణాలు మొదటి కణాలే అని ఎవరు చెప్పగలరు? నెగటివ్ అన్నది కూడా మందు ఆపి రెండు మూడు వారాలు గడిచాక చూసినప్పుడే లెక్క. నేనైతే ఫ్లాస్క్‌లన్నీ 121 డిగ్రీల ఆటోక్లేవ్‌కి పంపి, పాసేజ్ 8 నుంచి కొత్త స్టాక్ కట్టుకుంటాను.

ఇంతియాజ్: ఇక్కడ నాది కొంచెం వేరే మాట. శుభ్రం చేశాక కూడా జెమ్‌సిటబిన్‌కి లొంగకపోతే అది తెలుసుకోదగ్గ విషయమే. ఒక్క ఫ్లాస్క్ వేరే గదిలో పెట్టి చూడొచ్చు. గది లేకపోతే వద్దు.

సౌమ్య: గది లేదు 🙂 పారేస్తాను. అసలు ఎలా వచ్చింది అన్నదే తేలట్లేదు. పాసేజ్ 10 ప్రాంతంలో పక్క ల్యాబ్ నుంచి ఒక లైన్ వచ్చింది, పరీక్ష చేయకుండానే అదే ఇంక్యుబేటర్‌లో పెట్టారు. సీరం బ్యాచ్ కూడా అప్పుడే మారింది.

ఇంతియాజ్: నా పందెం ఆ అతిథి మీదే.

వసుంధర: నాదీ అదే, కానీ హయోరైనిస్ పందుల్లో ఉండేది, ట్రిప్సిన్ కూడా పందుల నుంచే తీస్తారు, కాబట్టి దాన్నీ వదలకు. బ్యాండ్‌ని సీక్వెన్స్ చేయించి ఏ జాతో తెలుసుకో. ఓరాలే అని వస్తే మనిషి నోటి నుంచి వచ్చింది, హుడ్ ముందు మాటలు ఆపించాలి. సీరం సీసాని నేరుగా పీసీఆర్ పెట్టి పాజిటివ్ వచ్చిందని మాత్రం గోల చేయకు, చచ్చిన మైకోప్లాస్మా డీఎన్‌ఏ కూడా బ్యాండ్ ఇస్తుంది. ఆ సీరంతో శుభ్రమైన కణాలని రెండు మూడు వారాలు యాంటీబయాటిక్ లేకుండా పెంచి, అప్పుడు చూడు.