ఎగ్జాస్ట్ ఫ్యాన్ మూలుగుతూ తిరుగుతోంది, గడగడమంటోంది. మోటార్ పోయినట్టేనా?

లాసన్స్‌బే_వంటిల్లు
మా వంటింట్లో కిటికీ పైన తొమ్మిదంగుళాల ఇనుప ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. పెట్టి ఏడెనిమిదేళ్లు అవుతోంది. ఈమధ్య స్విచ్ వేస్తే ఊఁ అని మూలిగి, కాసేపటికి గానీ అందుకోవడం లేదు. అందుకున్నాక కూడా పాత స్పీడు లేదు, పోపు పెడితే ఘాటంతా హాల్లోకే వస్తోంది. దానికి తోడు గడగడమని చప్పుడు. ఎలక్ట్రీషియన్ వచ్చి, స్టూల్ కూడా ఎక్కకుండా కింద నుంచే చూసి "మోటార్ పోయిందమ్మా, కొత్తది వేసేద్దాం" అనేశాడు. విప్పి చూడకుండా అలా తేల్చేయొచ్చా? ఇలాంటిది ఎవరైనా బాగుచేసుకున్నారా?

వైజాగ్_కుర్రోడు
మోటార్ ఏమీ పోలేదు అక్కా. కండెన్సర్ వీకైంది, అంతే. మా ఇంట్లో సీలింగ్ ఫ్యాన్‌కి అచ్చం ఇలాగే అయితే మార్చేశాం, వంద లోపే అయింది. ఉన్నదాని కన్నా కొంచెం పెద్దది వేయించండి, 2.5 మైక్రోఫ్యారడ్ ఉంటే 4 పెట్టేయండి. స్పీడు ఇంకా పెరుగుతుంది.

ఎంవీపీ_అత్తయ్య
మాకూ ఇదే గొడవ. చిమ్నీ మూడు బటన్లలో ఏది నొక్కినా ఒకటే స్పీడు. ఆటో క్లీన్ నొక్కితే కింద గిన్నెలోకి నూనె కారుతోంది గానీ పొగ లాగడం లేదు. దీనికీ కండెన్సరేనా బాబూ?

గాజువాక_వైండింగ్
అత్తయ్యగారూ, మీది చిమ్నీ. దాని సంగతి వేరు, ముందు జాలీలు విప్పి కడిగించి చూడండి.

లాసన్స్ బే మేడమ్, చూడకుండా మోటార్ పోయిందనడం తప్పు. కండెన్సరే అని చూడకుండా చెప్పడమూ అంతే. స్పీడు తగ్గడానికి బేరింగ్ ఎండిపోయినా చాలు, కండెన్సర్ పడిపోయినా చాలు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మా షాపుకి వచ్చే వంటింటి ఫ్యాన్లలో ఎక్కువగా రెండూ కలిసే ఉంటాయి. బేరింగ్ బిగుసుకుంటే మోటార్ వేడెక్కుతుంది, ఆ వేడికి కండెన్సర్ కూడా తొందరగా పడిపోతుంది. అందుకని ఒకటి మార్చి సరిపెట్టుకుంటే మళ్లీ తిరిగొస్తుంది.

పైసా ఖర్చు లేకుండా ముందొకటి చేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయండి. పాత వైరింగుల్లో స్విచ్ న్యూట్రల్ మీద ఉంటే, ఆపేసినా ఫ్యాన్‌లో కరెంటు ఉంటుంది. తర్వాత వేలితో రెక్కని ఒక్కసారి తిప్పి వదలండి. బాగున్న ఫ్యాన్ కొన్ని చుట్లు తిరిగి మెల్లగా ఆగుతుంది. వదలగానే గతుక్కున ఆగిపోతే బేరింగ్. హాయిగా తిరుగుతోంది గానీ కరెంటిస్తే మూలుగుతోంది అంటే కండెన్సర్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఎలా తిరిగిందో చూసి చెప్పండి.

కుర్రోడు బాబూ, 2.5 ఉన్నచోట 4 వేయొద్దు. కండెన్సర్ పెద్దదైతే స్టార్టింగ్ వైండింగులోకి కరెంటు ఎక్కువ పోతుంది. నాలుగు రోజులు జోరుగానే తిరుగుతుంది, తర్వాత వైండింగ్ మాడి నా దగ్గరకే వస్తుంది. నాకు బేరం, మీకు నష్టం.

లాసన్స్‌బే_వంటిల్లు
తిప్పి చూశానండీ. అర చుట్టు కూడా తిరగలేదు, తేనెలో తిప్పినట్టుంది. రెక్కల అంచుల మీద జిడ్డు గోధుమరంగు జిగురులా పేరుకుపోయింది. ఆ జిడ్డు బరువుకే ఆగిపోతోందేమో?

గాజువాక_వైండింగ్
జిడ్డు బరువు ఫ్యాన్‌ని అర చుట్టులో ఆపేయలేదు మేడమ్. బరువు పెరిగితే ఆగడానికి ఇంకా ఎక్కువసేపే పడుతుంది. ఆపేది బేరింగే. అయితే జిడ్డు వేరే పనులు చేస్తుంది. రెక్క అంచు, వంపు మారిపోయి గాలి సరిగ్గా కోయదు. ఒక రెక్క మీద ఎక్కువ, ఇంకో దాని మీద తక్కువ ఉంటే బ్యాలెన్స్ పోయి గడగడలాడుతుంది. ఆ ఊపు మళ్లీ బేరింగుకే దెబ్బ. కాబట్టి ముందు శుభ్రం చేయాలి, ఆ తర్వాతే మిగతావి.

సీతమ్మధార_సోడా
శుభ్రం చేసే విషయం నేను చెప్తాను, ఏటా పండక్కి ముందు మా ఇంట్లో నా డ్యూటీ ఇదే. రెక్క విప్పేముందు హబ్ మీదా షాఫ్ట్ మీదా మార్కర్‌తో ఒక గీత పెట్టుకోండి, మళ్లీ అదే చోట కూర్చోబెట్టాలి. హబ్ పక్కన చిన్న స్క్రూ ఉంటే వదులు చేసి లాగడమే. ప్లాస్టిక్ రెక్కకి మధ్యలో మూతలాంటి నట్ ఉంటే బలవంతం చేయొద్దు, చాలావాటికి మరలు ఉల్టా ఉంటాయి. రెండువైపులా మెల్లగా ప్రయత్నించి ఎటు కదిలితే అటు తిప్పండి.

ఇనుప రెక్కలకి వేడినీళ్లలో గుప్పెడు చాకలి సోడా, కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ వేసి అరగంట నానబెడితే పాత నూనె మెత్తబడి ఊడొస్తుంది. అల్యూమినియం రెక్కలైతే సోడా వద్దు, నల్లబడిపోతాయి. కాస్టిక్ సోడా అయితే లోహాన్నే తినేస్తుంది. వాటికి లిక్విడ్, గోరువెచ్చని నీళ్లు, ఓపిక, అంతే. ప్లాస్టిక్‌కి మరుగుతున్న నీళ్లు పోస్తే వంకరపోతాయి. అన్ని రెక్కలూ ఒకేలా తోమాలి, ముందువైపు తళతళలాడించి వెనక జిడ్డు వదిలేస్తే చప్పుడు పెరుగుతుంది. మోటార్ మీద మాత్రం నీళ్లు కొట్టొద్దు, పొడిబట్ట చాలు.

వైజాగ్_కుర్రోడు
సరే, 4 వద్దు. కానీ బేరింగుకి తుప్పు వదిలించే స్ప్రే కొడితే చాలు కదా? మా తాళాలన్నిటికీ అదే వాడతాం.

గాజువాక_వైండింగ్
సగం నిజం. ఎండి జిగురైపోయిన పాత నూనెని కడగడానికి ఆ స్ప్రే పనికొస్తుంది. కొట్టిన రోజు భలే తిరుగుతుంది కూడా. కానీ అది తొందరగా ఆరిపోతుంది, లోపల మిగిలిన కాస్త నూనెనీ కడిగేసుకుని పోతుంది. దాంతో కడిగితే వెంటనే నూనె వేయాలి.

చిన్న ఎగ్జాస్టుల్లో చాలావాటికి గుండ్ల బేరింగ్ ఉండదు, కంచు బుష్ ఉంటుంది. దాని చుట్టూ నూనె పీల్చుకున్న ఫెల్టు గుడ్డ ఉంటుంది. కుట్టుమిషన్ నూనె రెండు మూడు చుక్కలు ఆ ఫెల్టు మీద, షాఫ్ట్ మొదట్లో, ముందూ వెనకా వేసి చేత్తో తిప్పుతూ ఉండండి. అంతకుమించి పోస్తే వైండింగ్ మీదకి కారుతుంది. కొబ్బరినూనె, వంటనూనె జోలికి పోకండి. వేడికి గట్టిపడి మళ్లీ ఇదే జిగురవుతుంది.

నూనె వేశాక షాఫ్ట్ పట్టుకుని ఊపి చూడండి. ముందుకీ వెనక్కీ కొంచెం జరిగితే ఫరవాలేదు, అలాగే ఉండాలి. పక్కకి టక్‌టక్‌మని ఊగితే బుష్ అరిగినట్టు, దానికి నూనె మందు కాదు. గుండ్ల బేరింగ్ అయితే కరకరమంటుంది. సీలు చేసినవాటికి నూనె ఎక్కదు, పక్కనున్న నంబరు చూసి అదే నంబరుది మార్చాలి.

పెదవాల్తేరు_రిటైర్డ్
మా బాత్రూం చిన్న ఫ్యాన్ కూడా మూలుగుతోంది. విప్పి వెతికాను, కండెన్సరే కనబడలేదు. ఎవరైనా పీకేశారంటారా?

గాజువాక_వైండింగ్
ఎవరూ పీకలేదు మాస్టారూ. అలాంటి చిన్న ఫ్యాన్లు చాలావాటికి కండెన్సరే ఉండదు. కోరు చివర్లో మందపాటి రాగి రింగులు కనబడతాయి చూడండి, ఆ మోటారుకి స్టార్టింగ్ పని వాటిదే. అందులో స్పీడు తగ్గిందంటే ముందు బుష్షే చూడాలి.

లాసన్స్‌బే_వంటిల్లు
ఇక్కడిదాకా జరిగింది చెప్తాను. రెక్కలు ఇనుపవే, సోడాలో నానబెట్టి తోమాం. పాత నూనె జిగురు తుడిచి కుట్టుమిషన్ నూనె వేశాం. ఇప్పుడు చేత్తో తిప్పితే చక్కగా కొన్ని చుట్లు తిరుగుతోంది. కానీ స్విచ్ వేస్తే ఇంకా తడబడుతోంది. మా అబ్బాయి దూరం నుంచి చీపురు పుల్లతో రెక్కని కొంచెం తోస్తే వెంటనే అందుకుంది. ఎటు తోస్తే అటే తిరిగింది, అదే విచిత్రం!

గాజువాక_వైండింగ్
అందులో విచిత్రం లేదు, కండెన్సర్ చేతులెత్తేసింది. ఎటు తిరగాలో మోటారుకి చెప్పేది అదే. స్టార్టింగ్ వైండింగ్ తెగినా ఇలాగే ఉంటుంది గానీ, ముందు కండెన్సరే చూడాలి. పుల్ల పరీక్ష ఇక చేయకండి. మూలుగుతూ కదలకుండా ఉంటే వైండింగ్ కాలిపోతుంది.

ప్లగ్ పీకి, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవరుతో కండెన్సర్ రెండు తీగల కొసలూ ఒకసారి కలిపి, ఆ తర్వాతే చేయి పెట్టండి. మైక్రోఫ్యారడ్ కొలిచే మల్టీమీటర్ ఉంటే దాని మీద రాసిన విలువ వస్తుందో లేదో చూడండి. ఐదు శాతం అటూ ఇటూ అయితే ఫరవాలేదు. ఇవి ఒక్కరోజులో చావవు మేడమ్. లోపలి ఫిల్ము మీద లోహప్పూత వేడికీ తేమకీ కొద్దికొద్దిగా పోతూ విలువ దిగిపోతుంది. మన ఊరి ఉప్పుగాలికి తీగల కొసలు కూడా పచ్చగా చిలుము పడతాయి, అవీ గీకి బిగించండి.

లాసన్స్‌బే_వంటిల్లు
మీద 2.5 అని ఉంది, మీటరులో 1.4 వచ్చింది. అదే 2.5, 440 వోల్టులది తెచ్చి వేశాం. స్విచ్ వేయగానే అందుకుంటోంది, స్పీడు కూడా తిరిగొచ్చింది. గడగడ చాలావరకు పోయింది. ఇంకా అప్పుడప్పుడు టపటపమంటోంది, అదీ మధ్యాహ్నం దాటాకే.

సీతమ్మధార_సోడా
బయటివైపు గాలికి తెరుచుకునే రేకు తలుపులు ఉన్నాయా? సముద్రపు గాలి ఎదురుకొడితే అవి కొట్టుకుంటాయి. కీళ్ల దగ్గర జిడ్డు పట్టి సగమే తెరుచుకున్నా అదే చప్పుడు, స్పీడు తగ్గినట్టు కూడా అనిపిస్తుంది. మావాళ్లు వాటిని పీకేసి జాలీ కొట్టించేశారు.

పెదవాల్తేరు_రిటైర్డ్
పీకేస్తే తుఫాను వానకి నీళ్లు నేరుగా మోటార్ మీద పడతాయి. మా పక్కింట్లో అలాగే అయింది. నన్నడిగితే చప్పుడే నయం.

గాజువాక_వైండింగ్
పీకొద్దు, కడిగి కీళ్లకి ఒక చుక్క నూనె వేయండి. వంట చేసేటప్పుడు ఇంకో కిటికీ కానీ హాలు తలుపు కానీ తెరిచి ఉంచండి. లోపలికి గాలి రాకపోతే ఏ ఫ్యాన్ అయినా ఏం లాగుతుంది? సముద్రం వైపే ఎదురుగా ఉన్న ఫ్యానుకి మధ్యాహ్నం గాలిలో కొంత తగ్గుదల తప్పదు, దానికి నా దగ్గర మందు లేదు.

ఇంతకీ షాఫ్ట్ పక్కకి ఊగుతోందా లేదా? అది చెప్పలేదు మీరు.

లాసన్స్‌బే_వంటిల్లు
కొంచెం ఊగుతోందండీ. గోరు మందం కూడా ఉండదు, కానీ తెలుస్తోంది.

వైజాగ్_కుర్రోడు
అంత చిన్నదానికి ఏం కాదులే అక్కా.

గాజువాక_వైండింగ్
ఫొటో లేకుండా, చేత్తో పట్టుకోకుండా నేను అవునని గానీ కాదని గానీ అనలేను. చప్పుడు పెరుగుతుంటే, నూనె వేసినా కొద్దివారాలకే మళ్లీ బిగుసుకుంటుంటే బుష్ మార్చాలి. అప్పుడు ఫ్రేము విప్పనక్కర్లేదు, మోటార్ ఒక్కటే షాఫ్టుతో సహా ఏ వైండింగ్ షాపుకైనా పట్టుకెళ్లండి. కండెన్సర్ కొత్తదే వేశామని ముందే చెప్పండి, లేకపోతే మళ్లీ దాని డబ్బులు కూడా వేస్తారు.

ఎంవీపీ_అత్తయ్య
జాలీలు కడిగించాను బాబూ. బటన్లు మాత్రం మూడూ ఒకటే స్పీడు. ఇప్పుడేం చేయమంటావు?