రౌటర్ రీసెట్ చేశాక బ్యాకప్ ఎక్కించాలా, అన్నీ చేత్తో కొట్టాలా?

ఉప్పల్ శివ
మా ఇంట్లో రౌటర్ రోజూ సాయంత్రం అయ్యేసరికి మొరాయిస్తోంది. వైఫై గుర్తు ఉంటుంది, నెట్ రాదు. స్విచ్ తీసి వేస్తే కాసేపు బాగుంటుంది, మళ్ళీ అదే కథ. కస్టమర్ కేర్ వాళ్ళు ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు. రెండు కెమెరాలు, ప్రింటర్, టీవీ అన్నీ దీని మీదే నడుస్తున్నాయి. ముందే బ్యాకప్ తీసుకుని, రీసెట్ అయ్యాక అదే ఫైల్ ఎక్కిస్తే సరిపోతుందా, లేక అన్నీ మళ్ళీ చేత్తో కొట్టాలా?

మియాపూర్ కిరణ్
ఇందులో ఆలోచించడానికేముంది? `System Tools` లోకి వెళ్తే `Backup & Restore` అని ఉంటుంది. బ్యాకప్ నొక్కితే `config.bin` లాంటి ఫైల్ ఒకటి లాప్‌టాప్‌లోకి దిగుతుంది. రీసెట్ అయ్యాక అదే పేజీలో ఆ ఫైల్ ఇస్తే రౌటర్ తనే రీస్టార్ట్ అయి పాత స్థితికి వచ్చేస్తుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్, కంపెనీ వాళ్ళ లాగిన్ అన్నీ అందులోనే ఉంటాయి. రెండు నిమిషాల పని. చేత్తో కొట్టుకుంటూ కూర్చోవడం ఎందుకు?

ముషీరాబాద్ పద్మ
నేను రోజూ పొద్దున రీసెట్ చేస్తానండీ. స్విచ్ ఆపి, పది అంకెలు లెక్కపెట్టి వేస్తాను. ఇంతవరకు పాస్‌వర్డ్ పోయింది లేదు, ఏమీ లేదు. దీనికి బ్యాకప్‌లు అవీ ఎందుకో నాకర్థం కాలేదు.

ఈసీఐఎల్ రఘన్న
పద్మక్కా, నువ్వు చేసేది రీస్టార్ట్. రీసెట్ అంటే వెనకాల చిన్న బొక్కలో పిన్ను పెట్టి లైట్లన్నీ ఒక్కసారి మెరిసేదాకా, సుమారు పది సెకన్లు, ఒత్తి పట్టుకునుడు. గది చేస్తే డబ్బా షాపుల కొన్ననాటి లెక్క అయితది. నువ్వు పెట్టుకున్నదేదీ మిగలదు.

శివా, కిరణ్ చెప్పినట్టు బ్యాకప్ తీసుకో, దానికి నేను అడ్డం చెప్పను. కానీ రీసెట్ అయినంక ఆ ఫైలు ఎక్కించకు. పదకొండేళ్ళు ఈ లైన్ల మీదే తిరిగిన, ఈ తప్పు నేనే చాలాసార్లు చేసిన. రౌటర్ ఎందుకు సతాయిస్తుందో తెలియకనే కదా రీసెట్ చేస్తున్నవ్? ఆ లోపం ఏదో సెట్టింగుల ఉంటే, అది కూడా ఆ ఫైల్లనే ఉంటది. ఇల్లంతా కడిగి, ఊడ్చిన చెత్త మళ్ళ తెచ్చి నట్టింట్ల పోసినట్టు. ఫైలు పక్కకు పెట్టుకో. చేత్తో కొట్టినంక ఏమీ రాకపోతే, కనీసం ఇయ్యాల్టి స్థితికన్నా తిరిగి రావచ్చు. ఇంకొక ముచ్చట, ఆ ఫైలు అదే మోడల్‌కే పని చేస్తది. నడుమ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయితే అదే మోడల్ కూడా ఒక్కోసారి తీసుకోదు.

ఫైలుతో పాటు ప్రతి పేజీకి ఫోన్‌తో ఫోటో తీయి. ఫైలు మనిషి చదవలేడు, ఫోటో చదువుతడు. కంపెనీ లైన్ వివరాలుండే `WAN` పేజీ, వైఫై పేజీ, ఇంట్ల ఫోన్లకు, టీవీలకు అడ్రసులు పంచే `DHCP` పేజీ, ఈ మూడు తప్పొద్దు. ఒక్క మాట అడుగుత. నెట్ పోయినప్పుడు ఇంట్ల అందరికీ పోతదా, కొందరికేనా?

మియాపూర్ కిరణ్
అన్నా, `WAN` పేజీ ఫోటోలో పాస్‌వర్డ్ చుక్కలుగానే కనిపిస్తుంది కదా. చాలామందికి ఆ పాస్‌వర్డ్ ఏంటో కూడా తెలియదు, నాలుగేళ్ళ కిందట లైన్ వేసిన అబ్బాయి కొట్టి వెళ్ళిపోయి ఉంటాడు. మరి అలాంటివాళ్ళు ఏం చేయాలి? బ్యాకప్ ఎక్కించడమే గతి.

ఈసీఐఎల్ రఘన్న
అది కరెక్టే, ఒప్పుకుంటున్న. పాస్‌వర్డ్ తెలియనోళ్ళకు ఆ ఫైలే దిక్కు. కానీ పిన్ను గుచ్చకముందే కంపెనీకి ఫోన్ చేసి అడిగితే అయిపాయె కదా. బిల్లు కట్టే యాప్ పాస్‌వర్డ్ వేరు, రౌటర్ల కొట్టే `PPPoE` పాస్‌వర్డ్ వేరు ఉంటది చాలా దగ్గర. రెండోది కావాలని ఖచ్చితంగా చెప్పాలె. మెసేజ్‌ల పంపితే కాపీ కొట్టేటప్పుడు చివర్ల ఖాళీ ఒకటి అంటుకుని వస్తది, ఆ ఒక్క ఖాళీకి లాగిన్ అవ్వదు. ఇంకోటి, ఆ ఫైలు ఎవ్వరికీ వాట్సాప్‌ల పంపకుండ్రి, అందుల మీ పాస్‌వర్డులన్నీ ఉంటయి.

దిల్‌సుఖ్‌నగర్ ఫరీద్
శివా భాయ్, ముందు నా గోస విను. మా ఇంట్లో గోడకు రెండు డబ్బాలు ఉన్నాయి. ఒకదాంట్లోకి సన్నటి ఫైబర్ తీగ వస్తుంది, దాంట్లోంచి కేబుల్ రౌటర్‌లోకి పోతుంది. నేను రెండింటికీ పిన్ను గుచ్చేశాను. రౌటర్ పది నిమిషాల్లో లేచింది. ఫైబర్ డబ్బా మాత్రం లేవలేదు, అంటే లైట్లు వెలుగుతున్నాయి కానీ నెట్ రాదు. కంపెనీ వాళ్ళు పెట్టిన ఏదో నంబర్ అందులోంచి పోయిందంట. లైన్ అబ్బాయి వచ్చేసరికి రెండు రోజులు. ఆఫీస్ మీటింగులన్నీ ఇరానీ హోటల్లో కూర్చుని ఫోన్ డేటాతో లాగించాను.

ఈసీఐఎల్ రఘన్న
ఫరీద్ భాయ్ మంచి మాట చెప్పిండు. ఆ పోయింది వీలాన్ నంబర్, అంటే కంపెనీ నెట్‌కు పెట్టుకున్న దారి నంబర్, అయ్యుంటది. కొన్ని కంపెనీలు రీసెట్ అయినంక కూడా దూరం నుంచే మళ్ళ పంపుతయి, కొన్ని పంపయి. మీది ఏ రకమో మీకు తెలియదు కాబట్టి ఫైబర్ తీగ ఉన్న డబ్బా ముట్టొద్దు. ఒక్కటే డబ్బా ఉండి, ఫైబర్ నేరుగా దాంట్లకే వస్తే, కంపెనీ మనిషి లేకుండ రీసెట్ చేయనే చేయొద్దు.

ఉప్పల్ శివ
మాకూ రెండు డబ్బాలే. అన్నీ ఫోటోలు తీసి, బ్యాకప్ కూడా దింపి, రౌటర్ ఒక్కదానికే రీసెట్ కొట్టాను. లాప్‌టాప్ కేబుల్‌తో తగిలించి `192.168.0.1` తెరిచాను, కొత్త పాస్‌వర్డ్ పెట్టమంది, పెట్టాను. `WAN` లో `Dynamic IP` అని ఉంటే `PPPoE` కి మార్చి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టాను. రావట్లేదు. మూడుసార్లు అక్షరం అక్షరం చూసుకుని కొట్టాను. లాగ్‌లో ఇదే:

```
PPPoE: Authentication failed
```

కంపెనీ వాళ్ళు లాగిన్ సరిగ్గానే ఉందంటున్నారు. బ్యాకప్ ఎక్కించేయనా?

మియాపూర్ కిరణ్
ఎక్కించెయ్. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

ఈసీఐఎల్ రఘన్న
ఆగు. పిన్ను గుచ్చే ముందు `WAN` పేజీల `Disconnect` నొక్కినవా? నొక్కి ఉండవు, నేనూ చెప్పలేదు, తప్పు నాదే. రీసెట్‌తోని రౌటర్ చెప్పాపెట్టకుండ లేచిపోయింది. కంపెనీ దిక్కు మాత్రం నీ పాత కనెక్షన్ ఇంకా నడుస్తున్నట్టే లెక్క. ఒక లాగిన్‌కు ఒక్కటే కనెక్షన్ అన్న చోట రెండోసారి వస్తే తలుపు తీయరు, ఎర్రర్ మాత్రం పాస్‌వర్డ్ తప్పయినట్టే చూపెడతది. నువ్వు మళ్ళ మళ్ళ కొట్టుడు ఆపి, రౌటర్ స్విచ్ తీసి పదిహేను నిమిషాలు వదిలెయ్. అయినా రాకపోతే పాత సెషన్ తీసెయ్యమని కంపెనీకి చెప్పు. అప్పుడు కూడా రాకపోతే పాత `WAN` ఫోటోల మ్యాక్ క్లోన్, అంటే వేరే పరికరం గుర్తింపు నంబర్ పెట్టుకునుడు, ఏమన్న ఉన్నదా చూడు.

ఉప్పల్ శివ
ఛాయ్ తాగి వచ్చి స్విచ్ వేశాను. వచ్చేసింది! ఒక్క అక్షరం మార్చలేదు.

వైఫైకి పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టాను, ఫోన్లు, టీవీ వాటంతట అవే తగులుకున్నాయనుకున్నాను. కెమెరాలు మాత్రం రాలేదు. అరగంట తల పట్టుకున్నాక కనబడింది, పాత పేరులో మొదటి అక్షరం పెద్దది, నేను చిన్నది కొట్టాను. ఫోన్లకు, టీవీకి కొత్త పేరు ఇంట్లోవాళ్ళే ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టేశారట, నాకు చెప్పలేదు. కెమెరాలకు ఎవరు కొడతారు? పేరు సరిచేశాక అవీ వచ్చాయి.

రఘన్నా, మీరు అడిగిన ప్రశ్న ఇప్పుడు గుర్తొచ్చింది. నెట్ పోయిందని నేను గోల పెడుతుంటే అమ్మ టీవీలో సీరియల్ ఆగకుండా నడిచేది. నేను దాన్ని పట్టించుకోలేదు. పాత `DHCP` పేజీ ఫోటోలో ఇలా ఉంది:

```
Start IP Address: 192.168.0.100
End IP Address:   192.168.0.109
Lease Time:       1440 minutes
```

ఇప్పుడు కొత్తగా చూస్తే చివరిది `192.168.0.199` అని ఉంది.

ఈసీఐఎల్ రఘన్న
దొరికింది దొంగ. 100 నుంచి 109 అంటే పదే అడ్రసులు. లెక్కపెట్టు. కెమెరాలు రెండు, ప్రింటర్, టీవీ కలిపి నాలుగు. ఫోన్లు, లాప్‌టాపులు ఎన్ని?

ఉప్పల్ శివ
ఫోన్లు నాలుగు, లాప్‌టాపులు రెండు. సరిగ్గా పది! జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచి మా ఆవిడ సాయంత్రాలు ట్యూషన్ చెబుతోంది, పిల్లలు ట్యాబులు తెచ్చుకుంటారు. పది పెట్టింది మా బావ. అప్పట్లో పై పోర్షన్ వాళ్ళు మా వైఫై వాడేస్తున్నారని.

ఈసీఐఎల్ రఘన్న
అగో. పిల్లలు పట్టుకున్న అడ్రసులు వాళ్ళు ఇంటికి పోయినా 1440 నిమిషాలు, అంటే రోజంతా, వాళ్ళ పేరు మీదే ఉంటయి. ఆ తర్వాత వచ్చిన నీ ఫోన్‌కు అడ్రసు మిగలదు. వైఫై గుర్తు ఉంటది, నెట్ ఉండదు. చాలా రౌటర్లల ఈ లెక్క మెమరీల మాత్రమే ఉంటది, స్విచ్ తీస్తే చెరిగిపోతది, అందుకే రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుండేది. ఇట్లాంటప్పుడు లాప్‌టాప్ అడ్రసు చూస్తే `169.254` తోని మొదలైతది. అది కనబడితే లైన్ తప్పు కాదు, ఇంట్ల అడ్రసు దొరకలేదని అర్థం. ఇగ నువ్వు బ్యాకప్ ఎక్కించి ఉంటే ఆ పది మళ్ళ పదే అయ్యేది.

మియాపూర్ కిరణ్
సరే, బ్యాకప్ ఎక్కించకపోవడమే మంచిదైంది. కానీ అన్నా, ఇలా చూస్తే రీసెట్ కూడా అక్కర్లేదు కదా? 109ని 199 చేసి సేవ్ కొడితే అయిపోయేది. ఈ పూటంతా పోయింది దేనికి?

ఈసీఐఎల్ రఘన్న
అవును, అక్కర్లేకుండె. ఆ ఫోటో పొద్దున్నే పెట్టి ఉంటే నేనే వద్దంటుంటి. కానీ రీసెట్ చేద్దామనుకుంటేనే కదా ఆ పేజీ తెరిచి ఫోటో తీసిండు.

మియాపూర్ కిరణ్
అది రీసెట్ గొప్పతనం కాదు, ఫోటోల గొప్పతనం.

దిల్‌సుఖ్‌నగర్ ఫరీద్
నాకూ రాత్రి పది దాటాక నెట్ పోతుంది. నేనూ 199 చేస్తే పోతుందా?

ఈసీఐఎల్ రఘన్న
నీది అందరికీ ఒక్కసారే పోతదంటే ఇది కాదు. పోయినప్పుడు రౌటర్ `Status` పేజీల `WAN` అడ్రసు ఉన్నదా, `0.0.0.0` ఉన్నదా చూసి చెప్పు. సున్నాలుంటే కంపెనీ లైన్ దిక్కే చూడాలె.

ముషీరాబాద్ పద్మ
నేనూ ఆ పది అడ్రసుల పేజీ చూద్దామని కూర్చున్నాను. రౌటర్ పాస్‌వర్డ్ అడుగుతోంది. స్టిక్కర్ మీద ఉన్నది తప్పంటోంది, లైన్ వేసిన అబ్బాయి ఫోన్ ఎత్తడం లేదు. లోపలికి వెళ్ళకుండా బ్యాకప్ ఎలా తీయాలండీ?

ఈసీఐఎల్ రఘన్న
తీయరాదక్కా. మీకు రీసెట్ తప్పదు, బ్యాకప్ ఉండదు. రేపు పొద్దున ముందు `PPPoE` యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కంపెనీ నుంచి మెసేజ్ తెప్పించుకోండ్రి, వీలాన్ నంబర్ ఏమన్న ఉంటే అదీ అడగండ్రి. అది చేతికి వచ్చేదాకా పిన్ను ముట్టుకోకండ్రి.

ముషీరాబాద్ పద్మ
మాది ఒక్కటే డబ్బా. సన్నటి తీగ అందులోకే వస్తోంది.