సిరిమానుకి వచ్చే చుట్టాలకి వైఫై క్యూఆర్ కార్డు: ఏం రాయాలి?

కోట_వీధి: సిరిమానుకి మా విజయనగరం ఇంటికి చుట్టాలు దిగుతున్నారు. గుమ్మంలోకి రాగానే వైఫై పాస్‌వర్డే అడుగుతారని క్యూఆర్ కార్డు ప్రింట్ తీసి హాల్లో పెట్టాను. నా ఫోన్‌లో బాగానే ఉంది. ముందే వచ్చిన మా తోడల్లుడి ఫోన్‌లో మాత్రం పాస్‌వర్డ్ తప్పంటోంది, చేత్తో కొడితే కలుస్తోంది! పనిలో పని, కార్డు మీద నాలుగు ముక్కలు ఏం రాయాలో కూడా చెప్పండి.

నాగావళి_గట్టు: గడువు అయిపోయుంటుంది. మా షాపు క్యూఆర్ అలాగే ఆగిపోయింది, మళ్లీ డబ్బులు కట్టమన్నారు.

బొబ్బిలి_నెట్: మీ షాపుది ఏదో లింకుకి తీసుకెళ్లే రకం, గడువు ఆ లింకుది. వైఫై కార్డులో పేరు, పాస్‌వర్డ్ ఆ గళ్లలోనే ఉంటాయి. మనం పాస్‌వర్డ్ మార్చేదాకా పనిచేస్తుంది. కోట_వీధి గారూ, పాస్‌వర్డ్‌లో సెమికోలన్ గానీ ఉందా?

కోట_వీధి: ఉందండీ. అసలుది కాదు గానీ Mamidi;Tandra లాంటిది. క్యూఆర్ లోపలి లైను నేనే టైపు చేశాను.

బొబ్బిలి_నెట్: అదీ సంగతి. సెమికోలన్ కనబడగానే పాస్‌వర్డ్ అయిపోయిందనుకుని ఫోన్ Mamidi దగ్గరే ఆగిపోతుంది. దాని ముందు వెనక్కి వాలిన గీత పెట్టండి:

```
WIFI:T:WPA;S:Kotaveedhi;P:Mamidi\;Tandra;;
```

కామా, కోలన్ ఉన్నా ఇంతే. మీ ఫోన్‌లో పాస్‌వర్డ్ ముందే సేవ్ అయి ఉంది కాబట్టి తప్పు బయటపడలేదు. ఆ నెట్‌వర్క్‌ని ఫోన్‌లోంచి తీసేసి స్కాన్ చేసి చూడండి. ఈ తంటా వద్దనుకుంటే, ఆండ్రాయిడ్ 10 ఆ తర్వాతి ఫోన్లలో వైఫై సెట్టింగ్స్‌లో షేర్ నొక్కితే క్యూఆర్ అదే తయారు చేసిస్తుంది.

రాజాం_మాస్టారు: మా ఇంట్లో కార్డు పెడితే మా బావగారు డబ్బులు పంపే యాప్‌తో స్కాన్ చేసి, "ఎంత వెయ్యాలి?" అన్నారు. కెమెరాతో అని పెద్దక్షరాల్లో రాయండి బాబూ. లామినేషన్ మెరిసినా ట్యూబ్‌లైటు కింద ఫోన్ చదవదు.

పాలకొండ_పిల్ల: మేము రాసింది ఇది, కావాలంటే వాడుకోండి:

> రండి, కూర్చోండి! వైఫై కోసం ఫోన్ కెమెరా తెరిచి ఈ గళ్ల బొమ్మ మీద పెట్టండి. పైన వచ్చే మాటని నొక్కితే చాలు. కలవకపోతే పేరు, పాస్‌వర్డ్ కింద ఉన్నాయి. అక్షరాలు చిన్నవో పెద్దవో చూసి కొట్టండి.

కోట_వీధి: గీత పెట్టి మళ్లీ ప్రింట్ తీశాను. తోడల్లుడి ఫోన్ వెంటనే కలిసింది.

నాగావళి_గట్టు: పాస్‌వర్డ్ కూడా రాసేస్తే ఇక క్యూఆర్ ఎందుకండీ? వీధిలో వాళ్లంతా వాడేస్తారు.

బొబ్బిలి_నెట్: రాసినా రాయకపోయినా ఒకటే, స్కాన్ చేసినవాడికి పాస్‌వర్డ్ కనబడుతుంది. అందుకే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెట్టి, కార్డు దానికి చెయ్యడం మేలు. పండగయ్యాక ఆపేయొచ్చు.

పాలకొండ_పిల్ల: మేమలాగే పెట్టాం. కానీ చుట్టాలు ఫోన్‌లో పెళ్లి వీడియో టీవీలో వేద్దామంటే టీవీ కనబడట్లేదు. ఆ ఇబ్బంది లేకుండా ఎవరైనా చేశారా?