నారింజ తింటే 158, అదే నారింజ రసం తాగితే 231. ఎందుకిలా?

చిరుగాలి
పొద్దుట్నుంచి వెతుకుతూనే ఉన్నాను, సూటిగా చెప్పేవాళ్లే లేరు. మా నాన్నగారికి షుగర్ ఉంది. నారింజ తిన్న గంటకి చూస్తే 158. రసం తాగిన గంటకి 231! చక్కెర చిటికెడు కూడా వెయ్యలేదు. పీచు పోకూడదని వడకట్టిన పిప్పి కూడా మళ్లీ రసంలోనే కలిపి ఇచ్చాను. అదే పండు, అదే పీచు. తేడా ఎక్కడ్నుంచి వచ్చింది?

ఏకవాక్యం
జ్యూస్ మానేసి పండు తినమనండి.

చిరుగాలి
అది నాకూ తెలుసండీ. ఎందుకని అడుగుతున్నాను.

నీలిమబ్బు
మిక్సీ బ్లేడు దెబ్బకి పీచు చచ్చిపోతుంది. ఇక మీరు పిప్పి కలిపినా లాభం లేదు.

మీటరు మిత్రుడు
అసలు ఆ 231 నిజమేనా అని ముందు చూసుకోండి. పండు ఒలిచిన చేత్తో అలాగే సూది గుచ్చుకుంటే, వేలికి అంటిన రసంలోని చక్కెర కూడా చుక్కలో కలుస్తుంది. మీటరు ఎక్కడికో పోతుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే పూర్తిగా పోదు, నీళ్లతో కడుక్కోవాలి, బాగా ఆరనివ్వాలి. ఎన్నిసార్లు చెప్పినా ఈ గ్రూపులో ఎవరూ పట్టించుకోరు.

చిరుగాలి
రసం తీసింది నేను. నాన్నగారు గ్లాసు పట్టుకున్నారంతే. పండు మాత్రం ఆయనే ఒలుచుకున్నారు.

పాతనోట్సు
అలాగైతే ఎక్కువ రావాల్సింది పండు తిన్న రోజు. ఆ సంగతి పక్కన పెట్టండి. గ్లాసుకి ఎన్ని పండ్లు పిండారు? తాగడానికి ఎంతసేపు పట్టింది? కడుపులో అప్పటికి ఏమైనా ఉందా?

చిరుగాలి
నాలుగు పండ్లు. రెండు నిమిషాల్లో తాగేశారు, పరగడుపున. పండు ఒక్కటే తిన్నారు, సాయంత్రం.

పాతనోట్సు
ఇది మొదటే చెప్పాల్సింది కదండీ! ఒక మాదిరి నారింజలో చక్కెర పన్నెండు గ్రాములు ఉంటుంది. నాలుగింటి రసమంటే, పిండడంలో కొంత పోయినా, రెట్టింపుకి తక్కువ ఉండదు. పోలికే సమానంగా లేదు.

ఇక పిప్పి సంగతి. 1977లో పదిమంది ఆరోగ్యవంతులకి ఆపిల్‌ని మూడు రకాలుగా ఇచ్చి చూశారు: పండుగా, గుజ్జుగా, రసంగా. మూడింట్లోనూ పిండిపదార్థం 60 గ్రాములే. గుజ్జులో పీచంతా ఉంది. అయినా ఇన్సులిన్ గుజ్జుకీ రసానికీ పండుకన్నా ఎక్కువ పెరిగింది. విచిత్రం ఏమిటంటే, రక్తంలో గ్లూకోజు మూడింటికీ దాదాపు ఒకే ఎత్తుకి ఎక్కింది. కానీ రసం తర్వాత బాగా కిందికి జారింది, గుజ్జుకి కాస్త తక్కువగా. పండుకి ఆ జారుడు లేదు. రసాన్ని పండుకన్నా పదకొండు రెట్లు, గుజ్జుకన్నా నాలుగు రెట్లు వేగంగా తాగెయ్యగలిగారు.

అంటే పీచు ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, ఏ రూపంలో ఉందన్నదీ ముఖ్యమే. పండులో చక్కెర కణాల గోడల మధ్య ఉంటుంది. మనం ఎంత నమిలినా కొన్ని ముక్కలు ముక్కలుగానే పొట్టలోకి వెళ్తాయి, పొట్ట వాటిని మెల్లగా కిందికి వదులుతుంది. పిండినప్పుడు ఆ గోడలు ముందే పగిలిపోయాయి. తర్వాత పిప్పి కలిపితే చక్కెర మళ్లీ లోపలికి దూరదు కదా.

నీలిమబ్బు
నేనూ అదే అన్నాను.

పాతనోట్సు
కాదండీ. బ్లేడు పీచుని ముక్కలు చేస్తుంది, మాయం చెయ్యదు. పోయేది వడకట్టినప్పుడు. గింజలుండే పళ్లని వడకట్టకుండా మిక్సీ పట్టిస్తే, పండుగా తిన్నదానికన్నా షుగర్ తక్కువ పెరిగిన ప్రయోగాలూ ఉన్నాయి. గింజల్లోని పీచు, కొవ్వు బయటికి రావడం వల్ల కావచ్చని ఊహ. అందుకని మిక్సీ అంటేనే చెడు అనలేం.

లెక్కలవాడు
ఏది తింటే షుగర్ ఎంత పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ పట్టిక చూడండి. నారింజకి 43 దగ్గర, రసానికి 50 దగ్గర. ఈ కాస్త తేడాకి ఇంత రాద్ధాంతమా?

పాతనోట్సు
ఆ ఇండెక్స్ కట్టేదే రెండింట్లోనూ సమానమైన పిండిపదార్థం ఇచ్చి. నాలుగు పండ్లు ఒక్క గుక్కలో తాగేస్తామని దానికి తెలియదు.

లెక్కలవాడు
అప్పుడు దోషం పరిమాణానిది, రసానిది కాదు.

పాతనోట్సు
పరిమాణం పెద్ద భాగమే. మరి ఇన్సులిన్ తేడా?

గోరింట
మా అమ్మకి ఇన్సులిన్ ఇస్తాం. షుగర్ పడిపోయి చెమటలు పట్టినప్పుడు అర గ్లాసు జ్యూస్ ఇవ్వమన్నారు డాక్టరు, పండు వద్దన్నారు. ఆలస్యమవుతుందట. ఇక్కడేమో అందరూ జ్యూస్‌ని తిడుతున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది.

పాతనోట్సు
మీ డాక్టరు చెప్పింది సరైనదే. ఆ సమయంలో వేగమే కావాలి, అలాగే ఇవ్వండి. చిరుగాలి గారూ, ఒక పని చెయ్యండి: వేరువేరు రోజుల్లో, ఒకే వేళకి, ఒక్క పండు తిని ఒకసారి, ఒక్క పండు రసం తాగి ఒకసారి చూడండి. మొదలుపెట్టే ముందు రీడింగ్ కూడా రాసుకోండి. అది లేకుండా 158, 231 పోల్చలేం.

మీటరు మిత్రుడు
చేతులు కడుక్కుని.

చిరుగాలి
సరే, ఆదివారం చూస్తాను. థాంక్సండీ. ద్రాక్ష రసానికీ ఇంతేనా?