భార్య పనిచేసే ఊరికి బదిలీ: దరఖాస్తులో ఏం రాయాలి?

హుబ్బళ్ళి గుమాస్తా: రైల్వేలో జూనియర్ క్లర్కుని. మా ఆవిడ గుంటూరులో ప్రభుత్వ ఉపాధ్యాయురాలు. గుంటూరు డివిజనుకు సొంత కోరికపై బదిలీ అడుగుతున్నాను. నా పనితనం, అమ్మ అనారోగ్యం, ఒంటరితనం అన్నీ కలిపి రెండు పేజీలు రాశాను. సరిపోతుందా?

కృష్ణాతీరం: ఎంపీ గారి సిఫారసు లేఖ జత చేయండి. కాగితం కదలాలంటే అదొక్కటే దారి.

పాత ఫైలు: ఆ పని మాత్రం చేయకండి. రైల్వే ప్రవర్తనా నియమావళి, 1966లో 20వ నియమం బయటి పలుకుబడి తేవడాన్నే నిషేధిస్తుంది. పర్సనల్ బ్రాంచిలో పనిచేసినవాడిగా చెబుతున్నాను, రెండు పేజీలు ఒక పేజీ కావాలి, పనితనం గురించిన పేరా తీసేయండి. భార్యాభర్తలను వీలైనంతవరకు ఒకే చోట ఉంచాలన్న 2009 సెప్టెంబరు 30 నాటి కేంద్ర ఉత్తర్వును మొదటి పేరాలోనే ప్రస్తావించండి. వివాహ ధ్రువపత్రం, ఆవిడ ఏ బడిలో ఎప్పటినుంచి పనిచేస్తున్నారో ప్రధానోపాధ్యాయుడి సంతకంతో పత్రం జతచేయండి. అమ్మగారి జబ్బు గురించి ఆసుపత్రి కాగితం ఉంటేనే రాయండి. దరఖాస్తును మీ పై అధికారి ద్వారానే పంపండి.

కృష్ణాతీరం: అందరూ తెచ్చుకుంటున్నారు. నియమం మాకేనా?

గోదావరి బిడ్డ: పనితనం ఎందుకు తీసేయాలి? మంచి ఉద్యోగి కాబట్టే అక్కడివారు తీసుకుంటారు.

పాత ఫైలు: మంచి ఉద్యోగిని ఇక్కడి అధికారి వదలడు. ఆ పేరా మీకే అడ్డు. అసలు వాక్యం మరొకటుంది: "కొత్త డివిజనులో నా హోదాలో అప్పటికే ఉన్నవారందరి కంటే దిగువ సీనియారిటీకి సమ్మతిస్తున్నాను, బదిలీ భత్యం కోరను." ఇది లేని దరఖాస్తు వెనక్కి వస్తుంది.

రాయలసీమ రాము: ఆ వాక్యం రాసే నేను నష్టపోయాను! నాకంటే ఆరేళ్లు తర్వాత చేరినవారి కింద నన్ను పెట్టారు. వాళ్లకు పదోన్నతి వచ్చింది, నాకు రాలేదు. అది చెప్పకుండా సలహాలిస్తున్నారు.

పాత ఫైలు: మీరు సంతకం పెట్టారు కదా. అక్కడ ఏళ్లుగా ఎదురుచూస్తున్నవారిని దాటి మీరు ముందు కూర్చుంటే వారికి న్యాయమా?

రాయలసీమ రాము: కుటుంబంతో ఉండాలనుకోవడం నేరమా? దానికి సీనియారిటీ జరిమానా ఏమిటి? మీకు పెళ్లయిన ఊళ్లోనే ఉద్యోగం కాబట్టి మాట్లాడుతున్నారు.

పాత ఫైలు: నా భార్య పదకొండేళ్లు వేరే ఊళ్లో ఉంది. నేను అడగలేదు. అడిగినవారు ముందుకు వెళ్లిపోతే అడగనివారు ఏం కావాలి?

గోదావరి బిడ్డ: ఇదా మీ ఇద్దరి గొడవ! దరఖాస్తు సంగతి ఎప్పుడో వదిలేశారు.

హుబ్బళ్ళి గుమాస్తా: రాము గారూ, మళ్లీ అవకాశం వస్తే ఆ వాక్యం రాస్తారా?

రాయలసీమ రాము: రాస్తాను. మా అబ్బాయి అప్పటికి నన్ను గుర్తుపట్టేవాడు కాదు. కానీ రాయించుకున్న పద్ధతి తప్పే.

పాత ఫైలు: ఉత్తర్వు వచ్చినా మీ స్థానంలో మరొకరు చేరేదాకా రిలీవ్ చేయకపోవచ్చు. ఇల్లు ముందే ఖాళీ చేయకండి. అక్కడ మీ హోదాలో ఖాళీ ఉందా, ముందు అది తెలుసుకోండి.